పాత ఫియట్ కొనాలంటే: రేకు చూడాలి, కాగితాలు చూడాలి, ఇంజన్ చివర్లో చూడాలి

హైదరాబాద్‌లో పాత కారు మోజు ఉన్నవాళ్ళలో చాలామంది మొదట అడిగేది ఫియట్ గురించే. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్ పేరుతో తయారుచేసి, 1970ల్లో ప్రెసిడెంట్ అని, ఆ తర్వాత పద్మిని అని పేరు మార్చి, దాదాపు 2000 దాకా అమ్మిన బండి. మధ్యలో గ్రిల్లు, లైట్లు, లోపలి సామాను మారాయి గానీ అడుగు నిర్మాణం ఒక్కటే. అందుకే ఈ వ్యాసమంతా దీని మీదే పెట్టుకున్నాను. అంబాసిడర్ కొనేవాళ్ళకు కూడా తుప్పు భాగం దాదాపు ఇలాగే పనికొస్తుంది.

ముందుగా ఒక మాట. కొనడానికి వెళ్ళినవాళ్ళు బానెట్ ఎత్తి ఇంజన్ స్టార్ట్ చేయించుకుని, శబ్దం బాగుందని మురిసిపోయి బేరానికి దిగుతారు. ఈ బండి విషయంలో అది తలకిందులు పద్ధతి. ఇంజన్ 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, విప్పి చూస్తే దాచుకునేది ఏమీ లేదు. దాన్ని పూర్తిగా బాగుచేయించడానికి ఎంతవుతుందో మెకానిక్ ముందే చెప్పగలడు. రేకు విషయంలో అలా చెప్పలేడు. పెయింటు గీకేదాకా లోపల ఏముందో ఎవరికీ తెలియదు. కాగితాలు ఇంకా ఘోరం: ఆర్సీలో చిక్కుంటే ఎంత డబ్బు పెట్టినా బండి రోడ్డెక్కదు. కాబట్టి వరుస ఇలా పెట్టుకోండి: కాగితాలు, అడుగు రేకు, మార్పులు, ఇంజన్, ఆ తర్వాతే ధర.

మొదటి అడుగు: ఆర్సీ చేతిలోకి తీసుకోవడం

బండి చూడటానికి బయలుదేరే ముందే ఆర్సీ రెండువైపులా ఫోటో పంపమనండి. పంపనంటే వెళ్ళకండి, పెట్రోలు దండగ. ఫోటోలో మూడు సంగతులు చూడాలి.

మొదటిది, ఎవరి పేరుమీద ఉంది. హైదరాబాద్‌లో దొరికే పాత ఫియట్లలో చాలావాటి ఆర్సీ చనిపోయిన తాతగారి పేరుమీదో నాన్నగారి పేరుమీదో ఉంటుంది. ఇప్పుడు అమ్మేది కొడుకు. కానీ ఆయనకు ఇద్దరు అన్నదమ్ములు, ఒక అక్క ఉంటే, ఆయన ఒక్కడి సంతకంతో పని జరగదు. ముందు వారసుడి పేరుమీదకు ఫారం 31తో మార్పించాలి. దానికి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అభ్యంతరం లేదన్న కాగితం కావాలి. ఈ పని అమ్మేవాళ్ళే పూర్తిచేసి, ఆ తర్వాత ఫారం 29, 30 మీద మీకు ఇవ్వాలి. ‘మీరే చూసుకోండి సార్, అందుకే రేటు తగ్గించాం’ అంటే ఆ తగ్గింపు వద్దని చెప్పండి. అమెరికాలో ఉన్న అక్కగారి సంతకం కోసం మీరు తిరగాల్సి వస్తుంది.

రెండోది, రిజిస్ట్రేషన్ గడువు. సొంత కారుకు మొదట 15 ఏళ్ళు, తర్వాత అయిదేళ్ళకోసారి రెన్యువల్. 20 ఏళ్ళు దాటిన కారుకు రెన్యువల్ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచింది. విదేశం నుంచి దిగుమతైన కారైతే 80,000. గడువు దాటాక ఊరుకుంటే నెలకు 500 రూపాయల ఆలస్య రుసుము 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. షెడ్డులో ఏళ్ళ తరబడి పడున్న బండికి ఇది చిన్న మొత్తం కాదు. గ్రీన్ ట్యాక్స్ కూడా కలుస్తుంది. ఆర్సీ మీద ఏ ఆఫీసు పేరుందో ఆ ఆర్టీఏలో నంబరు చెప్పి, రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కిందా లేదా, బకాయి ఎంత అని బయానా ఇవ్వకముందే కనుక్కోవాలి. పాత మూడక్షరాల నంబరు బండి అయితే పుస్తకం రూపంలో ఉన్న ఆర్సీ ఒక్కటే మిగిలి, ఆఫీసు రికార్డు దొరకకపోవడం జరుగుతుంది. అలాంటి బండి ఎంత అందంగా ఉన్నా వదిలేయడమే మంచిది.

మూడోది, ఎక్కడి బండి. మహారాష్ట్ర నంబరైతే అక్కడి ఎన్ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఎన్ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. బొంబాయి బండి విషయంలో ఇంకో అనుమానం కూడా ఉంది, దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ఇక వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేని బండికి 2021 కేంద్ర నిబంధనల ప్రకారం ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు వస్తుంది. రుసుము 20,000, పదేళ్ళు చెల్లుతుంది. తర్వాత అయిదేళ్ళకోసారి 5,000. వినడానికి బాగుంటుంది. కానీ ఆ రిజిస్ట్రేషన్‌తో రోజువారీ వాడకం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతులు, ఇంతవరకే. ఆదివారం పొద్దున ట్యాంక్‌బండ్ చుట్టూ తిరిగి నిలోఫర్ దగ్గర చాయ్ తాగి రావాలన్నదే మీ కోరిక అయితే మామూలు ఆర్సీ రెన్యువల్ చేయించుకోవడమే నయం. ఇప్పటికే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకునే వీలు ఉంది, కొత్త నంబరు కోసం పరిగెత్తనక్కర్లేదు.

రెండో అడుగు: బండి కింద పడుకోవడం

ఫియట్‌కు విడిగా ఛాసిస్ ఉండదు. లారీకి ఉన్నట్టు కింద బలమైన ఇనుప చట్రం, పైన బాడీ అని రెండు ముక్కలు కాదు. నేల రేకు, పక్క రన్నింగ్ పెట్టెలు, చక్రాల పైన గూళ్ళు, ముందు గోడ, అన్నీ కలిపి అతికితే అదే ఛాసిస్. అందుకే నేల రేకు తుప్పు పడితే అది అందానికి సంబంధించిన సంగతి కాదు, బండి వెన్నెముక మెత్తబడినట్టే. చూడటానికి వెళ్ళేటప్పుడు ఒక టార్చి, ఒక స్క్రూడ్రైవరు, పలచటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, ఒక జాకీ, పడుకోవడానికి పాత బెడ్‌షీటు తీసుకెళ్ళండి. చొక్కా మాసిపోతుందని మొహమాటపడితే ఆ మొహమాటం ఖరీదు లక్షల్లో ఉంటుంది.

ముందు లోపల మ్యాట్లు ఎత్తండి. డ్రైవరు కాళ్ళ దగ్గర, పక్క సీటు కాళ్ళ దగ్గర, వెనక సీటు కింద. మామూలుగా కనిపించేది నల్ల తారు షీటు. దాని అంచు లేపి రేకును గోరుతో గీకి చూడాలి. చిల్లులుంటే వాటిమీద ఫైబర్ గుడ్డ, ఎంసీల్ ముద్ద, ఒక్కోసారి డాల్డా డబ్బా రేకు ముక్క కూడా దొరుకుతాయి. డ్రైవరు వైపు నేల ఎందుకు ఎక్కువ పోతుందంటే, ముందు అద్దం రబ్బరు బీడింగు ఎండిపోయి కింది మూలల్లోంచి వర్షం నీళ్ళు గోడ లోపలినుంచి దిగి మ్యాటు కింద నిలుస్తాయి. మ్యాటు పైన పొడిగానే ఉంటుంది, కింద నెలల తరబడి తడి. కాబట్టి అమ్మేవారిని అడిగి ఒక బకెట్టు నీళ్ళు ముందు అద్దం మీద మెల్లగా పోయించి, లోపల కూర్చుని డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి చూడండి. అద్దం కింది మూల దగ్గర పెయింటు బుడగలు వచ్చి ఉంటే నీళ్ళు పోయకుండానే జవాబు దొరికినట్టే.

తర్వాత కిందికి దూరండి. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే పెట్టె లాంటి భాగం ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవరు పిడితో అంగుళం అంగుళం తడుతూ పోండి. మంచి రేకు ఖణేల్‌మంటుంది. లోపల తుప్పు రాలిన చోట, లేదా పైన పుట్టీ పూసిన చోట దబ్‌మంటుంది. శబ్దం మారిన చోట కొనతో నొక్కండి. అమ్మేవారి అనుమతి అడిగి నొక్కండి, గట్టి రేకుకు ఏమీ కాదు, పాడైన రేకు అప్పడంలా విరుగుతుంది. జాకీ పెట్టే చోట్లు, వెనక కమాను పట్టీలు బాడీకి బిగించే చోట్లు, డిక్కీలో స్టెప్నీ కింద గుంట, బ్యాటరీ కింద ట్రే, ఇవి తప్పక చూడాలి. వీటిలో కమాను పట్టీ బిగింపు అన్నిటికన్నా ముఖ్యం. అక్కడ రేకు పొరలు పొరలుగా ఊడుతుంటే బరువు మోసే జాగానే పోయిందన్నమాట. అడుగంతా తాజాగా నల్ల రబ్బరు కోటింగ్ కొట్టి ఉంటే సంతోషపడకండి. అమ్మకానికి పెట్టే ముందు వారం కొట్టించిన కోటింగ్ కింద ఏముందో చూడనివ్వకపోతే, చూడకూడనిదే ఉందనుకోవాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. బండిని సమంగా ఉన్న నేలమీద నిలబెట్టి డ్రైవరు తలుపు తెరిచి మూయండి, చుట్టూ సందు చూసుకోండి. తర్వాత అదే వైపు వెనక చక్రం దగ్గర జాకీతో చక్రం నేల వదిలేదాకా ఎత్తి, మళ్ళీ తలుపు తెరిచి మూయండి. బాడీ గట్టిగా ఉంటే పెద్ద తేడా ఉండదు. పక్క పెట్టె లోపల తినేసి ఉంటే తలుపు పై మూల ఒరుసుకుంటుంది, లేదా లాక్ పడదు. బండి మధ్యలో వంగుతోందని అర్థం. పది నిమిషాల పని, దీనికి మించిన పరీక్ష నాకు తెలియదు. కొందరు తలుపు ఎత్తి ఊపి, అడ్డగోలుగా కదిలితే బాడీ పోయిందంటారు. చాలాసార్లు అది హింజ్ పిన్ను అరుగుదల మాత్రమే, చవకలో పోతుంది.

పైన రేకుకు అయస్కాంతం వాడాలి. చక్రాల గూళ్ళ అంచులు, తలుపుల అడుగు నాలుగు అంగుళాలు, హెడ్‌లైట్ చుట్టూ, ఇవీ పుట్టీ ఉండే చోట్లు. గుడ్డ చుట్టిన అయస్కాంతం టాపు మీద ఎంత గట్టిగా పట్టుకుంటుందో ముందు చూసుకుని, దానితో పోల్చండి. యాభై ఏళ్ళ బండికి అక్కడక్కడ పుట్టీ ఉండటం తప్పు కాదు. అయస్కాంతం అరచెయ్యంత జాగాలో జారిపోతుంటే మాత్రం అక్కడ రేకు లేదని లెక్క వేసుకోండి.

మూడో అడుగు: ఏది అసలుది, ఏది మార్చింది

ఇంజన్ గదిలో ఉన్న ప్లేటు నంబరు, బాడీమీద గుద్దిన ఛాసిస్ నంబరు, ఇంజన్ బ్లాకు మీద నంబరు, ఆర్సీలో ఉన్నవి, అన్నీ ఒక్కటేనా అని అంకె అంకె చదవండి. గ్రీజు తుడిచి పెన్సిల్ అచ్చు తీసుకోండి, ఆర్టీఏలో ఎలాగూ కావాలి. అంకెల చుట్టూ రేకు నునుపుగా గీకినట్టున్నా, వెల్డింగ్ మరక ఉన్నా ఇక మాట్లాడాల్సిన పని లేదు.

ఈ బండికి అసలు గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది, నాలుగు గేర్లు. నేలమీద గేరు కనిపిస్తే ఆగి అడగాలి. చివరి రోజుల్లో వచ్చిన ఎస్1 మోడల్‌కు ఫ్యాక్టరీ నుంచే నేల గేరు ఉంది. అది కాకపోతే ప్రీమియర్ వాళ్ళదే ఇంకో కారు 118ఎన్ఈ నుంచి గేర్‌బాక్సు, ఒక్కోసారి దాని నిస్సాన్ ఇంజన్‌తో సహా తెచ్చి వేసి ఉంటారు. నడపడానికి హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ ఇంజన్ మార్పు ఆర్సీలో ఎక్కించకపోతే రెన్యువల్ దగ్గర ఆగుతుంది, రేపు 50 ఏళ్ళు నిండాక వింటేజ్ అర్హతకూ అడ్డమవుతుంది.

మార్పుల్ని నేను రెండు రకాలుగా చూస్తాను. అల్లాయ్ చక్రాలు, కొత్త సీటు కవర్లు, తప్పుడు రంగు, ఇవి వెనక్కి తిప్పగలిగేవి. స్టీరియో కోసం కోసేసిన డ్యాష్‌బోర్డు, గేరు కోసం నేలకు పెట్టిన కన్నం, వెడల్పు టైర్ల కోసం కత్తిరించిన గూళ్ళు, ఇవి తిప్పలేనివి. మొదటి రకానికి బేరంలో పెద్దగా తగ్గించమని అడగక్కర్లేదు. రెండో రకానికి గట్టిగా అడగాలి.

ఇక బొంబాయి అనుమానం. అక్కడ పద్మినులు దశాబ్దాలపాటు నల్ల పసుపు టాక్సీలుగా తిరిగాయి. చివరిది 2003 అక్టోబరులో రిజిస్టరై, 20 ఏళ్ళ పరిమితి నిండటంతో 2023 అక్టోబరు 30 నుంచి రోడ్డు దిగింది. అలా విశ్రాంతి తీసుకున్న టాక్సీ తెల్లరంగు వేసుకుని ‘ఒకే ఓనరు, డాక్టరుగారి బండి’ అని ఇక్కడ ప్రత్యక్షమయ్యే అవకాశం ఉంటుంది. తలుపు రబ్బరు ఊడదీసి కింద చూడండి, టాపు లైనింగ్ అంచు లాగి చూడండి, పసుపు కనిపిస్తుంది. ముందు ఎడమ వైపు మీటరు బిగించిన బోల్టు కన్నాలు పూడ్చిన గుర్తులుంటాయి. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు పట్టీల కన్నాలుంటాయి. టాక్సీ కావడం పాపమేమీ కాదు. కానీ సముద్రపు గాలిలో, పగలూ రాత్రీ తిరిగిన బండికి డాక్టరుగారి బండి రేటు ఇవ్వకూడదు.

నాలుగో అడుగు: ఇంజన్

వెళ్ళేసరికి ఇంజన్ చల్లగా ఉండాలి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, వేడెక్కాక కాసేపు నడిపి, దిగుడులో యాక్సిలరేటరు వదిలేసి మళ్ళీ తొక్కినప్పుడు అద్దంలో వెనక చూడండి. ఆ క్షణంలో మాత్రమే నీలం పొగ వస్తే వాల్వు గైడ్లు. ఎప్పుడూ వస్తుంటే రింగులు, బోరు. ఫస్టు గేరుకు సింక్రో లేదు కాబట్టి కదులుతున్నప్పుడు వేస్తే కరకరమంటుంది, దానికి బెదరకండి. రెండో గేరు దిగుడులో తనంతట తాను ఊడి న్యూట్రల్‌కు వస్తే మాత్రం గేర్‌బాక్సు విప్పాలి.

ఈ ఇంజన్‌లో ప్రత్యేకంగా చూడాల్సింది హెడ్. బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. ఏళ్ళ తరబడి రేడియేటర్లో కూలెంట్ లేకుండా బోరు నీళ్ళు పోస్తే, మన ఊరి బోరు నీళ్ళ సున్నం సంగతి గీజరు ఉన్నవాళ్ళకు తెలుసు, హెడ్‌లో నీటి దారుల చుట్టూ అల్యూమినియం తినుకుపోతుంది. అప్పుడు గ్యాస్కెట్ మార్చినా ఆగదు. చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీయండి. లోపల తెల్ల పొర, ఎర్ర బురద ఉంటే ఆ ఇంజన్ హెడ్ విప్పాల్సిందే అనుకుని ధర కట్టండి. నీళ్ళమీద నూనె తేలినా, ఆయిల్ మూత లోపల మీగడలా తెల్లగా పేరుకున్నా అదే సంగతి.

వీలైతే మీ మెకానిక్‌ను తీసుకెళ్ళి నాలుగు ప్లగ్గులూ విప్పి కంప్రెషన్ మీటరు పెట్టించండి. నాలుగు అంకెలూ దగ్గర దగ్గరగా ఉంటే కొంచెం తక్కువైనా నడుస్తుంది. ఒకటి మాత్రం బాగా పడిపోతే ఆ సిలిండరులో పని ఉంది. బ్రేకులు నాలుగూ డ్రమ్ములే. మారుతి నడిపిన కాలితో తొక్కితే ఆగదనిపిస్తుంది, కంగారు పడకండి. ఒక పక్కకు లాగితేనే లోపం. ముందు చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్‌పిన్ అరుగుదల తెలుస్తుంది. గ్రీజు కొట్టని బండ్లన్నిటికీ ఈ జబ్బు ఉంటుంది.

సామాను: ఏది దొరుకుతుంది, ఏది దొరకదు

నడిచే సామానుకు బెంగ లేదు. పిస్టన్లు, రింగులు, బేరింగులు, క్లచ్ ప్లేటు, వీల్ సిలిండర్లు, సోలెక్స్ కార్బొరేటర్ కిట్లు, ఇవన్నీ రాణిగంజ్‌లో, పుత్లీబౌలిలో పాత దుకాణాల్లో అడిగితే ఉన్నచోటనో, బొంబాయి నుంచి తెప్పించో ఇస్తారు. అంతమంది టాక్సీవాళ్ళు వాడిన బండి కాబట్టి ఇన్నాళ్ళు సామాను తయారీ ఆగలేదు. టాక్సీలు పోయాక ఆ గిరాకీ తగ్గింది. అందుకని కొన్న కొత్తలోనే క్లచ్ ప్లేటు, వాటర్ పంపు, గ్యాస్కెట్ సెట్టు ఒకటి ఇంట్లో పెట్టుకోవడం మంచి పని.

దొరకనివి ఒంటిమీది నగలు. క్రోమ్ పట్టీలు, గ్రిల్లు, పేరు అక్షరాలు, వెనక లైట్ల అద్దాలు, అద్దం దించే హ్యాండిళ్ళు, స్టీరింగ్ చక్రం. డిలైట్ కాలం నాటివైతే మరీ కష్టం. బండి చూసేటప్పుడు వీటి జాబితా రాసుకుని లేనివాటి ముందు గుర్తు పెట్టండి. వంగిపోయినా, క్రోమ్ పోయినా పరవాలేదు, ఉంటే చాలు. వంకర తీసి మళ్ళీ పూత పూయించవచ్చు. లేనిదాన్ని వెతకడం నెలల పని, దొరికినవాడు చెప్పిందే రేటు.

లెక్క వేసిన ఒక బండి

మా బావమరిదికి అల్వాల్‌లో ఒక పద్మిని నచ్చింది. 1978 మోడల్, లేత నీలం, స్టార్ట్ అవుతుంది, అడిగింది 2,25,000. పొద్దున్నే వెళ్ళి పైన చెప్పిన వరుసలోనే చూశాం. కాగితాలు తిన్నగానే ఉన్నాయి, ఆర్సీ గడువు మాత్రం దాటింది. నేల ఎడమ ముందు భాగం బొటనవేలికి లోపలికి పోయింది. ఎడమ పక్క పెట్టె సగం దబ్ శబ్దమే. జాకీ ఎత్తితే తలుపు లాక్ పడలేదు. డిక్కీ గుంటలో నేల కనిపించింది. ఇంజన్ మాత్రం వాల్వు గైడ్ల పొగ తప్ప నిక్షేపంగా ఉంది. బావమరిది మొహంలో ఇంజన్ శబ్దం తప్ప ఇంకేమీ లేదు.

‘రేకు పని ఎంతవుతుంది ఉస్తాద్?’ అని మాకు తెలిసిన పాతబస్తీ డెంటరును అడిగాం. ఆయన బండి చుట్టూ తిరిగి, కింద తొంగిచూసి, ‘కనిపించేదానికి చెప్తా భాయ్, కనిపించనిదానికి తెరిచాక చెప్తా’ అన్నాడు. నిజాయితీ ఉన్నవాడు చెప్పేమాట అదే. పక్క పెట్టె కోసేముందు తలుపు చట్రానికి అడ్డంగా ఇనుప రాడ్లు వెల్డ్ చేయాలి, లేకపోతే బాడీ వంగిపోయి తర్వాత తలుపులు ఎప్పటికీ సరిపడవు. పాడైన రేకు గట్టి రేకు వచ్చేదాకా కోసి తీసి కొత్తది అతకాలి. పాతదానిమీద కొత్త ముక్క కప్పితే మధ్యలో నీళ్ళు చేరి రెండు వానాకాలాల్లో మళ్ళీ మొదటికే వస్తుంది. పలచటి రేకును గ్యాస్ వెల్డింగ్‌తో కాకుండా సీఓటూ వెల్డింగ్‌తో అతికిస్తే అలలు రాకుండా ఉంటుంది. పని ఒప్పుకునేముందు డెంటరును ఈ మూడూ అడగండి.

మాకు వచ్చిన అంచనాలు ఇలా ఉన్నాయి. రేకు పని, పెయింటు మొత్తం గీకి మళ్ళీ వేయడం కలిపి 1,65,000. ఇంజన్ 55,000, బ్రేకులు, కింగ్‌పిన్, బుష్‌లు 30,000, టైర్లు బ్యాటరీ 25,000, అంటే 1,10,000. వైరింగ్, సీట్లు, టాపు లైనింగ్, క్రోమ్, అద్దాల రబ్బర్లు కలిపి 85,000. మొత్తం 3,60,000. దీనికి తెరిచాక బయటపడేవాటికి పావు వంతు కలిపాను, 90,000. పావు వంతు ఎక్కువ కాదు, రేకు మెత్తగా ఉన్న బండికి అది కనీసం. మొత్తం 4,50,000. బండి బేరమాడి లక్షన్నరకు వచ్చినా చేతికి వచ్చేసరికి ఆరు లక్షలు, ఆర్సీ ఖర్చులు పైన. డెంటరు మూడు నెలలంటే ఎనిమిది నెలలనుకోవాలి.

అదే సమయంలో కొంపల్లిలో ఇంకోటి అమ్మకానికి ఉంది, 3,40,000. రంగు వెలిసింది, ఇంజన్ పొగ కొడుతోంది, బ్రేకు పెడల్ కిందికి దిగుతోంది. కానీ నేల ఖణేల్‌మంది, జాకీ మీద తలుపు మెత్తగా మూసుకుంది, క్రోమ్ పట్టీ ఒక్కటీ పోలేదు. ఇంజన్‌కు అదే 55,000, బ్రేకులు, రబ్బర్లకు 40,000, మొత్తం 4,35,000. రంగు మార్చకుండా పాలిష్ పెట్టి వాడుకోవచ్చు. బావమరిది రెండు రోజులు అలిగి, తర్వాత కొంపల్లిదే కొన్నాడు. అల్వాల్ బండి చవక అనిపించడానికి కారణం అడిగిన ధర మాత్రమే చూడటం.

ఈ అంకెలు ఆ బండివి, ఆ డెంటరువి. మీకు మీ అంచనాలు వేరుగా వస్తాయి. కానీ వాటి నిష్పత్తి పెద్దగా మారదు: రేకు, రంగు సగానికి దగ్గరగా తింటాయి, ఇంజన్ ఆరో వంతు.

డబ్బిచ్చి తెచ్చుకున్నాక

బయానా ఇచ్చేటప్పుడు ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, ఇవ్వాల్సిన కాగితాల జాబితా, పేరు మార్పు కాకపోతే డబ్బు వాపసు అన్న మాట రాయించుకోండి. ఇన్సూరెన్స్‌లో అయిదేళ్ళు దాటిన బండి విలువ కంపెనీకీ మీకూ మధ్య ఒప్పందంతో తేలుతుంది, కాబట్టి ఖర్చు బిల్లులు, ఫోటోలు దాచండి. లేకపోతే వాళ్ళు చెప్పిన విలువే రాస్తారు.

చాలాకాలం నిలిచిన బండిని నడుపుకుంటూ ఇంటికి తేకండి, ట్రక్కుమీద ఎక్కించి తెండి. రాగానే ముందు పెట్రోలు ట్యాంకు దింపి కడిగించాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది గాలిలో తేమను పీల్చుకుని ట్యాంకు అడుగున తుప్పు లేపుతుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, పెట్రోలు పంపు లోపలి డయాఫ్రమ్‌ను పాడుచేస్తుంది. మెత్తబడిన గొట్టం వేడి ఇంజన్ పక్కన కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్పించి, పంపుకు ముందు పారదర్శకమైన ఫిల్టరు పెట్టించండి, ఎర్ర పొడి చేరుతోందా లేదా కంటికి కనిపిస్తుంది. నెల రోజులు బండి తీయకపోతే ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ జాగా తక్కువుంటే తేమ తక్కువ చేరుతుంది.